కొన్నదేమీ లేనప్పుడు దాతకు ఏమని రాయాలి?

ప్రశ్న: సార్, నేను ఈసీఈ సెకండియర్ చదువుతున్నాను. మాది జనగామ దగ్గర పల్లెటూరు, కాలేజీ ఘట్‌కేసర్ దగ్గర. ఈ ఏడు ఒక ట్రస్టు నుంచి నాకు 40,000 స్కాలర్‌షిప్ వచ్చింది. అమెరికాలో ఉండే ఒకాయన వాళ్ల అమ్మగారి పేరు మీద పెట్టారట. ఈ సాయంతో నువ్వేం చేయగలుగుతున్నావో ఆయనకు ఉత్తరం రాయమని ట్రస్టువాళ్లు చెప్పారు. డబ్బు నేరుగా కాలేజీకే కట్టేశారు, నేను కొత్తగా కొన్నది ఏమీ లేదు. ఏం రాయాలో తెలియక ఒక చిత్తుప్రతి రాశాను. అదీ, మా ఇంటి ఖర్చుల లెక్కా పంపుతున్నాను. ఇంకొకటి, ఫస్టియర్‌లో నాకు లెక్కల పేపరు ఎం-2 బ్యాక్‌లాగ్ ఉంది. అది ఆయనకు చెప్పాలా, వద్దా? టెన్షన్‌గా ఉంది.
– ఒక విద్యార్థిని, జనగామ జిల్లా

జవాబు:

అమ్మా,

నీ చిత్తుప్రతి చదివాను. పేజీన్నర రాశావు. అందులో పేజీ నిండా మీ ఇంటి కష్టాలే. తర్వాత "మీరు దేవుడిలా వచ్చి ఆదుకున్నారు" అని ఒక పేరా, "బాగా చదివి పెద్ద కంపెనీలో ఉద్యోగం తెచ్చుకుని మీ పేరు నిలబెడతాను" అని ఇంకో పేరా. స్కాలర్‌షిప్ గురించి ఉన్నది మాత్రం ఒక్కటే వాక్యం: "మీరిచ్చిన డబ్బు నా చదువుకు ఎంతో ఉపయోగపడింది." ఆయన అడిగింది ఆ ఒక్క వాక్యం గురించే.

మా హైస్కూలు పూర్వ విద్యార్థుల సంఘం ఇచ్చే స్కాలర్‌షిప్‌లకు వచ్చే ఉత్తరాలు ముందుగా చదివి దాతలకు పంపే పని కొన్నేళ్లుగా నేనే చేస్తున్నాను. చాలా ఉత్తరాలు నీ చిత్తుప్రతిలాగే ఉంటాయి. కింద సంతకం చెరిపేస్తే ఏది ఎవరు రాశారో చెప్పలేం. పిల్లలకు మనసులో ఏమీ లేక కాదు. ఉత్తరం అంటే ఇలాగే ఉండాలని ఎవరో చెప్పి ఉంటారు, లేకపోతే సీనియర్ల దగ్గర నమూనా తెచ్చుకుని ఉంటారు.

కష్టాల సంగతి ముందు తేల్చేద్దాం. నువ్వు దరఖాస్తు పెట్టినప్పుడు తహసీల్దారు ఇచ్చిన ఆదాయ ధ్రువపత్రం పెట్టావు, మార్కుల మెమోలు పెట్టావు, ఇంటి పరిస్థితి ఒక పేజీ రాశావు. అవన్నీ చూశాకే నిన్ను ఎంపిక చేశారు. ఇప్పుడు మళ్లీ అదే రాస్తే అది రెండో దరఖాస్తు అవుతుంది. నాన్న ఆరోగ్యం గురించి రాసిన నాలుగు వాక్యాలు కూడా తీసెయ్. ఆ విషయం మీ నాన్న ఒక అపరిచితుడికి చెప్పుకోవాలనుకుంటారో లేదో నీకే తెలియాలి. పైగా ఇలాంటి ఉత్తరాల్లో కొన్నింటిని ట్రస్టులు వార్షిక నివేదికలో అచ్చు వేస్తుంటాయి.

ఇక అసలు సంగతి. కొత్తగా ఏమీ కొనలేదు కాబట్టి రాయడానికేమీ లేదని అనుకుంటున్నావు. నువ్వు పంపిన లెక్క చూస్తే అలా లేదు. ఆ కాగితాన్ని ఉత్తరంతో కలపకుండా విడిగా ఎందుకు పంపావో గానీ, ఉత్తరంలో ఉండాల్సిందంతా అందులోనే ఉంది.

మీ కాలేజీ ఫీజు ఏడాదికి 75,000. ఎప్‌సెట్‌లో ర్యాంకు పదివేలు దాటిన బీసీ పిల్లలకు మామూలుగా రీయింబర్స్‌మెంట్ కింద వచ్చేది 35,000. మిగతా 40,000 ఇంటివాళ్లే కట్టుకోవాలి. పోయినేడాది ఆ 40,000 మీ నాన్న నూటికి రెండు రూపాయల వడ్డీకి తెచ్చారు. నెలకు వడ్డీ 800. పది నెలలకు 8,000. అసలుతో కలిపి 48,000. మీ అమ్మ బట్టలు కుట్టి నెలకు 4,800 చొప్పున పక్కన పెట్టి, వడ్డీ ఎప్పటికప్పుడు కడుతూ, ఆఖర్న అసలు కట్టేసింది. అంటే ఏడాది పొడవునా ఆవిడ మిషన్ తొక్కి సంపాదించింది నీ ఒక్క ఏడాది ఫీజు తేడాకే పోయింది.

ఈ ఏడు ఆ తేడా ట్రస్టు కట్టింది. అప్పు చేయలేదు. దాంతో అమ్మ పక్కన పెట్టే డబ్బుకు పని మారింది. కాలేజీ దగ్గర 8,000 అద్దె గదిలో నలుగురు ఉంటున్నారు, నీ వాటా 2,000. బియ్యం ఇంటి నుంచే. కూరలు, పాలు, గ్యాస్ కలిపి ఇంకో 1,500. నెలకు 3,500తో సరిపోతోంది. పోయినేడు అప్పుకు పెట్టినదాని కంటే ఇంకా 1,300 తక్కువే.

ఇప్పుడు ఆ దాత వైపు నుంచి చూడు. కాలేజీ ట్రస్టుకు ఇచ్చిన రసీదులో "ట్యూషన్ ఫీజు, 40,000" అని ఉంటుంది. ట్రస్టు ఆయనకు పంపే పత్రంలోనూ అంతే ఉంటుంది. ఆ డబ్బు ఫీజులోకి వెళ్లాక మీ ఇంట్లో ఇంకో 40,000 అప్పు ఆగిందని, ఆ ఆగిన అప్పుకు బదులు నీకు కాలేజీ దగ్గర ఒక గది దొరికిందని ఏ రసీదులోనూ ఉండదు. ఆయనకు అది తెలిసే దారి నీ ఉత్తరం ఒక్కటే. ఒక పిల్ల స్కాలర్‌షిప్‌తో ల్యాప్‌టాప్ కొన్నానని రాస్తే మనకు వెంటనే అర్థమవుతుంది. అప్పు చేయకుండా ఉండగలిగాం అన్నది కంటికి కనబడదు, అందుకే దాన్ని అంకెలతో చెప్పాలి. అంకెలు ఎక్కువ వద్దు. ఫీజు ఎంత, ప్రభుత్వం ఇచ్చేదెంత, మిగిలిన తేడా ఎంత అన్న మూడూ చాలు.

ఆ మూడూ తప్పకుండా ఉండాలి కూడా. చాలా ఏళ్ల క్రితం దేశం వదిలి వెళ్లినవాళ్లలో కొంతమంది, ఇక్కడ ఇంజినీరింగ్ ఫీజంతా ప్రభుత్వమే కట్టేస్తుందని అనుకుంటారు. ఒకాయన మా సంఘానికి ఫోన్ చేసి, రీయింబర్స్‌మెంట్ ఉండగా మళ్లీ మన స్కాలర్‌షిప్ ఎందుకని నిలదీశారు. ఆయన తప్పేమీ లేదు. ఏ పిల్లా ఆయనకు ఆ తేడా గురించి రాయలేదు.

ఇలాంటి అనుమానమే బస్సు దగ్గరా వస్తుంది. 2023 డిసెంబరు నుంచి తెలంగాణలో ఆడవాళ్లకు పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో టికెట్ లేదు. మరి రోజూ ఇంటి నుంచే వెళ్లి రావచ్చు కదా, గది ఎందుకు అని ఎవరైనా అడగవచ్చు. నీ ఉత్తరం ఆ ప్రశ్న రాకముందే జవాబు చెప్పాలి. ఊరి నుంచి జనగామకు ఆటో, అక్కడి నుంచి బస్సు, దిగాక మళ్లీ ఆటో, మధ్యలో నిలబడి చూసే టైము, అన్నీ కలిపి రానుపోను ఐదు గంటలని నువ్వే రాశావు. డబ్బు పెద్దగా పోలేదు గానీ పగలంతా పోయింది. "గది దొరికింది కాబట్టి చదువుకోవడానికి సమయం దొరికింది" అని మాత్రం రాయకు, అది అందరూ రాసేదే. ఆ ఐదు గంటల్లో ఇప్పుడు ఏం చేస్తున్నావో ఒక్క పని చూపించు.

ఆ పని కూడా నీ మెయిల్‌లోనే ఉంది. చివర్లో, "ఇది రాసే విషయం కాదు గానీ" అంటూ ఎలక్ట్రానిక్స్ ల్యాబ్ సంగతి చెప్పావు. ఏసీని డీసీగా మార్చే ఫుల్‌వేవ్ రెక్టిఫైయర్‌కు ఫిల్టర్ లేకుండా రిపుల్ ఫ్యాక్టర్, అంటే ఆ డీసీలో మిగిలే ఒడిదుడుకు, 0.48 దగ్గర రావాలి, నీకు 1.2 వచ్చింది. ఇది చదివి నేను నవ్వుకున్నాను, ఎందుకంటే 1.21 అనేది ఒకే డయోడ్‌తో నడిచే హాఫ్‌వేవ్‌కు రావాల్సిన విలువ. అంటే రెండు డయోడ్లలో ఒకటి పని చేయడం లేదని ఆ అంకే చెబుతోంది. పోయినేడైతే నాలుగున్నర బస్సు కోసం పక్కవాళ్ల రీడింగులు రాసుకుని వెళ్లిపోయేదాన్నని నువ్వే ఒప్పుకున్నావు. ఈసారి ఆగావు, వెతికావు, ఒక డయోడ్ కాలు బ్రెడ్‌బోర్డులో సరిగ్గా దిగలేదని పట్టుకున్నావు. ఆ 40,000తో ఏం వీలైందని ఎవరైనా అడిగితే ఇంతకంటే కచ్చితమైన జవాబు నాకు తోచడం లేదు. "రాసే విషయం కాదు" అన్న ఆ మాటే ఉత్తరానికి నడిబొడ్డున పెట్టు.

బ్యాక్‌లాగ్ చెప్పాలా అన్నావు. నీ మార్కుల మెమో ట్రస్టు దగ్గర ఉంది, నువ్వు దాచిందేమీ లేదు. కాబట్టి ఉత్తరంలో చెప్పి తీరాలన్న నియమం లేదు. కానీ నేనైతే ఒక్క వాక్యం రాస్తాను. ఏం మారిందో చెప్పేటప్పుడు ఇంకా మారనిదేదో కూడా చెబితే మిగతా మాటలకు బలం వస్తుంది. అయితే దాన్ని బస్సు మీదికి నెట్టకు. అదే బస్సులో వచ్చి ఎం-2 పాసైన పిల్లలు మీ క్లాసులోనే ఉంటారు. సబ్జెక్టు పోయింది, సప్లిమెంటరీ రాస్తున్నాను, ఇలా చదువుతున్నాను అని చెప్పి ముందుకు వెళ్లు. తప్పకుండా పాసవుతానని మాట ఇవ్వకు. ఉద్యోగం గురించి, పేరు నిలబెట్టడం గురించి రాసినవీ అందుకే కొట్టేయమంటున్నాను. రేపు క్యాంపస్‌లో ఉద్యోగం రాకపోతే ఆ వాక్యం నీ మెడకే చుట్టుకుంటుంది. పైగా ఆయన దాన్ని షరతుగా పెట్టలేదు.

నీ చిత్తుప్రతిలో ఇంకో పెద్ద లోటు ఉంది. ఈ స్కాలర్‌షిప్ ఎవరి పేరు మీద ఉందో ఆ తల్లి పేరు పేజీన్నరలో ఒక్కసారి కూడా లేదు. ఇలాంటి స్కాలర్‌షిప్‌లలో చాలావాటికి దాత ఒకేసారి పెద్ద మొత్తం ఇస్తారు. ట్రస్టు దాన్ని బ్యాంకులో డిపాజిట్ చేసి, అసలు ముట్టకుండా, వచ్చే వడ్డీతో ఏటా ఒకరికి ఇస్తుంది. వడ్డీ 7 శాతం అనుకున్నా, ఏటా 40,000 రావాలంటే దాదాపు 5,70,000 డిపాజిట్‌లో ఉండాలి. మీదీ అలాంటిదేనేమో ట్రస్టువాళ్లను అడుగు. అయితే గనక, ఆయన ఎప్పుడో ఇచ్చేసిన డబ్బుకు ఏటా తిరిగి అందేది ఒక ఉత్తరం మాత్రమే. అందులో ఆయన కళ్లు ముందు వెతికేది వాళ్లమ్మ పేరునే. ట్రస్టు ఇచ్చిన ఎంపిక పత్రంలో ఎలా ఉందో అక్షరం తప్పు పోకుండా అలాగే రాయి. ఇంటిపేరు ముందా వెనకా అన్నది కూడా చూసుకో. ఆవిడ టీచరుగా పనిచేశారని ఆ పత్రంలో ఒక లైను ఉందన్నావు కదా, దాని గురించి ఒక మాట అడుగు. పొగడ్త కంటే ప్రశ్నకు జవాబు రాయడం ఎవరికైనా తేలిక.

నువ్వు చెప్పిన సంగతులతోనే మచ్చుకి ఒకటి రాసిపెడుతున్నాను. ఇదే దించి పంపకు. మీ ఇంట్లో మాట్లాడుకునే తీరులోకి మార్చుకో.

గౌరవనీయులైన ………… గారికి,

నమస్కారం. మీ అమ్మగారు ………… గారి పేరు మీద మీరు ఇస్తున్న స్కాలర్‌షిప్ ఈ ఏడాది నాకు వచ్చింది. మీకూ, మీ కుటుంబానికీ నా కృతజ్ఞతలు. నేను ఈసీఈ రెండో సంవత్సరం చదువుతున్నాను.

మా కాలేజీ ఫీజు ఏడాదికి 75,000. ప్రభుత్వం నుంచి 35,000 వస్తుంది, మిగతా 40,000 మేము కట్టాలి. పోయిన సంవత్సరం నాన్న ఆ డబ్బు నెలకు నూటికి రెండు రూపాయల వడ్డీకి తెచ్చారు. అమ్మ బట్టలు కుట్టి ఏడాదంతా ఆ అప్పు తీర్చింది. ఈసారి ఆ 40,000 మీ స్కాలర్‌షిప్ నుంచి కాలేజీకి వెళ్లింది. అప్పు లేదు కాబట్టి అమ్మ సంపాదనతో నేను కాలేజీ దగ్గర ముగ్గురు స్నేహితురాళ్లతో కలిసి గది తీసుకున్నాను. బియ్యం ఇంటి నుంచి తెచ్చుకుని మేమే వండుకుంటాం.

పోయిన సంవత్సరం రోజూ ఊరి నుంచి వచ్చేదాన్ని. బస్సులో ఆడవాళ్లకు టికెట్ లేదు గానీ రానుపోను ఐదు గంటలు పట్టేది. నాలుగున్నర బస్సు తప్పితే జనగామ నుంచి మా ఊరికి ఆటో దొరకదు. అందుకని ల్యాబ్‌లో ప్రయోగం సరిగ్గా రాకపోయినా వదిలేసి వెళ్లిపోయేదాన్ని. మొన్న రెక్టిఫైయర్ ప్రయోగంలో 0.48 రావాల్సిన చోట 1.2 వచ్చింది. ల్యాబ్ అయ్యాక ఆగి, వైర్లన్నీ తీసి మళ్లీ పెట్టి చూస్తే ఒక డయోడ్ కాలు బోర్డులో సరిగ్గా దిగలేదు. సరిచేశాక 0.5 వచ్చింది. తప్పు ఎక్కడుందో నేనే కనిపెట్టడం ఇదే మొదటిసారి.

మొదటి సంవత్సరం లెక్కల పేపరు ఒకటి పోయింది. దాని సప్లిమెంటరీకి సాయంత్రాలు రూమ్మేట్‌తో కలిసి చదువుతున్నాను.

మీ అమ్మగారు టీచరుగా పనిచేశారని ట్రస్టు పత్రంలో చదివాను. ఏ ఊళ్లో పనిచేశారో, పిల్లలకు ఏం చెప్పేవారో వీలైతే తెలుసుకోవాలని ఉంది.

కృతజ్ఞతలతో,
…………

ఒకసారి చదివి చూడు. అమ్మ ఉంది, నాన్న ఉన్నారు, అప్పు ఉంది. మీ ఇంటి పరిస్థితి ఆయనకు బాగానే అర్థమవుతుంది. కానీ ఎక్కడా జాలి అడగలేదు. "దేవుడు" లేడు, "పాదాభివందనం" లేదు. గది స్కాలర్‌షిప్ డబ్బుతోనే వచ్చిందని కూడా అనలేదు, అమ్మ సంపాదనతో వచ్చిందనే ఉంది. అదే నిజం. ఆయన ఇచ్చినదానికీ అమ్మ కష్టానికీ ఎవరి వాటా వాళ్లకు దక్కింది. రిపుల్ ఫ్యాక్టర్ అన్న పేరు కావాలనే తీసేశాను. ఆయన ఇంజినీరో కాదో మనకు తెలియదు. 0.48 చోట 1.2 వస్తే ఏదో తేడా ఉందని ఎవరికైనా తెలుస్తుంది. ఆయన ఇంజినీరే అయితే మిగతాది ఆయనే చెప్పుకుంటారు.

ఏ భాషలో రాయాలన్న సందేహం నీకు రాలేదు గానీ, చాలామందికి వస్తుంది. ఆయన తెలుగు చదువుతారా అని ట్రస్టులో కనుక్కుని తెలుగులోనే రాయి. ఇంగ్లిషులోనే కావాలంటే పైదాన్ని చిన్న చిన్న వాక్యాలుగా నువ్వే ఇంగ్లిషులో పెట్టు. నెట్‌లో దొరికే నమూనాలోంచి పెద్ద పెద్ద మాటలు తెచ్చి అతికించావో, ల్యాబ్ పేరాకీ మిగతా పేరాలకీ పొంతన కుదరదు, రెండు గొంతులు వినిపిస్తాయి. గ్రామర్ తప్పు ఒకటి రెండు ఉన్నా ఎవరూ పట్టించుకోరు.

ఒక పేజీ దాటనివ్వకు. చేతిరాత బాగుంటే తెల్లకాగితం మీద రాసి స్కాన్ చేసి పంపు, లేదంటే టైప్ చెయ్. ఫోన్‌తో తీసిన ఫొటో అయితే కాగితం అంచులు కనిపించేలా, నీడ పడకుండా చూసుకో. ట్రస్టు ద్వారానే పంపాలి. ఆయన నంబరు దొరికినా నేరుగా వాట్సాప్‌లో పెట్టకు. ఫోన్ నంబరు, బ్యాంకు ఖాతా, ఆధార్ లాంటివి ఉత్తరంలో రాయకు. ఇంటి అడ్రసూ వద్దు, కాలేజీ, బ్రాంచి, సంవత్సరం చాలు. అచ్చు వేసేటట్లయితే పేరు, ఫొటో పెట్టే ముందు నన్ను అడగండి అని ట్రస్టుకు పంపే మెయిల్‌లో ఒక లైను రాయి. ఆ మాట అడిగే హక్కు నీకుంది. ఎంపికైన మొదటి నెలలోనే పంపేస్తే మంచిది. సప్లిమెంటరీ ఫలితం వచ్చేదాకా ఆగాలని అనిపిస్తుంది, ఆగకు. ఫలితం ఏదైనా ఏడాది చివర ఇంకో నాలుగు లైన్లు రాయవచ్చు, అప్పుడు ఎవరూ అడగాల్సిన పని కూడా ఉండదు.

నీ చిత్తుప్రతి ఆఖర్న "ల్యాప్‌టాప్ కూడా ఉంటే బాగుండేది" అని ఉంది. అది తీసెయ్. కృతజ్ఞత చెప్పే కాగితం మీద ఇంకో అవసరం రాస్తే, పైన రాసిందంతా దానికోసమే అన్నట్టు కనిపిస్తుంది. అవసరం నిజమే కావచ్చు. దాన్ని ట్రస్టు ఆఫీసుకు వేరే మెయిల్‌గా, వేరే రోజు రాయి. రీయింబర్స్‌మెంట్ సంగతీ అంతే. ప్రభుత్వం వాటా 35,000 రావడం ఆలస్యమై, అది కూడా నువ్వే కట్టమని కాలేజీ అడిగితే, ఆ నోటీసు కాపీ జతచేసి ట్రస్టుకే రాయి. వాళ్లు కాలేజీతో మాట్లాడి గడువు ఇప్పిస్తారో, తాత్కాలికంగా సర్దుతారో అడగవచ్చు. దాత దాకా పోవాల్సిన పని లేదు.